పెళ్లికి ఆన్‌లైన్‌లో నాలుగు తులాల హారం: డబ్బు పంపే ముందు ఒకసారి చూసి చెప్పండి

లావణ్య_కరీంనగర్
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్లి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీలో కెంపులు, ముత్యాలు ఉన్న హారం చూశాం. అమ్మకు, చెల్లికి చాలా నచ్చింది. హైదరాబాద్‌లో షాపు ఉందంటున్నారు, మాటలన్నీ మాత్రం వాట్సాప్‌లోనే.

వాళ్లు చెప్పిన ధర ఇది. హారం బరువు 46 గ్రాములు. గ్రాము 11,400 చొప్పున 5,24,400. మజూరీ లేదు, తరుగు లేదు. జీఎస్టీ 3 శాతం కలిపి 5,40,132. ఇదే డిజైన్‌కు మా ఊళ్లో తెలిసిన షాపులో రాసిచ్చిన ఎస్టిమేట్ 5,82,156. అంటే 42 వేలు తేడా. పెళ్లి ఖర్చుల్లో 42 వేలంటే మాకు చిన్న మాట కాదు.

"916 హాల్‌మార్క్, ప్యూరిటీ సర్టిఫికెట్, 100 శాతం బైబ్యాక్ గ్యారంటీ" అని రాసి పంపారు. హాల్‌మార్క్ ఫొటో, సర్టిఫికెట్ పీడీఎఫ్, జీఎస్టీ నంబరు కూడా ఇచ్చారు. రేపటిలోగా 2 లక్షలు అడ్వాన్స్ వేయాలట, మిగతాది కొరియర్ చేసే ముందు. నాన్న వేసేద్దాం అంటున్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. ఏమేం చూడాలో చెప్పండి ప్లీజ్.

శ్రీధర్_తెనాలి
ఇప్పుడు బంగారంలో మోసం చేయడం అంత సులువు కాదండీ. 2023 ఏప్రిల్ 1 నుంచి నగ మీద చెక్కే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు లేకుండా షాపువాళ్లు నగ అమ్మకూడదు. ఫోన్‌లో BIS Care యాప్ వేసుకుని Verify HUID నొక్కి ఆ ఆరు అక్షరాలు కొట్టండి. వివరాలు వస్తే నగ అసలైనదే. నేను మా ఆవిడ గాజులు అలాగే చూసి కొన్నాను.

లావణ్య_కరీంనగర్
కొట్టాను శ్రీధర్ గారూ, వచ్చింది! 22 క్యారెట్, 916 అని చూపిస్తోంది. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

పాత_కాటా
ఆగు తల్లీ, ఇంకా డబ్బు వేయకు. నేను విజయవాడలో నగల షాపు కౌంటర్‌లో పద్నాలుగేళ్లు, ఆ తర్వాత హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఐదేళ్లు పనిచేశాను. యాప్‌లో 916 ఒక్కటే కాదు, ఇంకొన్ని లైన్లు వస్తాయి. వస్తువు ఏమిటి, హాల్‌మార్క్ వేసిన తేదీ ఏది, ఏ నగల వ్యాపారి పేరు మీద ఉంది, ఏ సెంటర్‌లో వేశారు. అవన్నీ చూసి ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయి. వ్యాపారి పేరు మాత్రం రాయకు.

లావణ్య_కరీంనగర్
అన్నయ్యా, మళ్లీ చూశాను. తేదీ 2023 జులై. వ్యాపారి వేరే రాష్ట్రం వాళ్లు, వీళ్ల పేరు కాదు. వస్తువు దగ్గర RING అని ఉంది. ఇందాక నేను 916 ఒక్కటే చూశాను.

వాళ్లను అడిగితే "మేము హోల్‌సేలర్ దగ్గర తెస్తాం మేడమ్, అందుకే పేరు వేరేగా వస్తుంది" అన్నారు. ఉంగరం సంగతి అడిగితే, యాప్‌లో తప్పులు ఉంటాయి అంటున్నారు.

పాత_కాటా
ఇందులో ఒకటి నిజం, ఒకటి అబద్ధం.

పేరు వేరేగా రావడం నిజంగా జరిగేదే. నగను హాల్‌మార్కింగ్‌కు పంపించిన వాళ్ల పేరే యాప్‌లో వస్తుంది. తయారీదారు గానీ హోల్‌సేలర్ గానీ పంపితే వాళ్ల పేరే ఉంటుంది, నీకు అమ్మే షాపు పేరు ఉండకపోవచ్చు. కాబట్టి పేరు కలవనంత మాత్రాన మోసం అనలేం.

ఉంగరం సంగతి వేరు. సెంటర్‌లో ఒక్కో వస్తువుకు ఒక్కో నంబరు పడుతుంది. ఉంగరానికి పడిన నంబరు హారానికి ఉండదు. నంబరు అసలైనదే, కానీ అది ఎవరి వేలికో ఉన్న ఉంగరానిది. ఎక్కడో ఉన్న ఉంగరం మీది నంబరు ఫొటో తీసి నీకు పంపి ఉంటారు. లేకపోతే ఆ నంబరునే హారం మీద లేజర్‌తో చెక్కి ఉంటారు. అక్షరాలు చెక్కే మెషీన్ ఎవరైనా కొనుక్కోవచ్చు కదా. అందుకే "యాప్‌లో వచ్చింది, అసలైనదే" అనే మాట సగమే నిజం శ్రీధర్ గారూ. యాప్‌లో వచ్చిన వస్తువూ చేతిలో ఉన్న వస్తువూ ఒకటే అయితేనే ఆ మాట చెల్లుతుంది.

ఇంకొకటి. నేను చూసినంతలో యాప్‌లో బరువు రాలేదు. అంటే కొలత బిల్లు మీదే చూసుకోవాలి. లావణ్యా, వాళ్లను ఒక వీడియో అడుగు. కాటా మీద సున్నా కనిపించాలి, హారం పెట్టాలి, బరువు కనిపించాలి, వీడియో ఆపకుండానే హాల్‌మార్క్ దగ్గరికి జూమ్ చేయాలి, పక్కన కాగితం మీద నీ పేరూ ఈరోజు తేదీ రాసి ఉండాలి. చేతిలో సరుకు ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని.

శ్రీధర్_తెనాలి
అంటే నేను మా ఆవిడ గాజులకు 916 మాత్రమే చూశాను. ఇప్పుడే వస్తువు పేరు కూడా చూశాను, BANGLE అనే ఉంది. థాంక్స్ అండీ, ఇది నాకు తెలియదు.

కిరణ్_99
ఇంత తలనొప్పి ఎందుకండీ, యాప్‌లో డిజిటల్ గోల్డ్ కొనుక్కుంటే సరిపోతుంది కదా. వంద రూపాయల నుంచి కొనచ్చు, ప్యూరిటీ భయం లేదు.

పాత_కాటా
కిరణ్, ఆ అమ్మాయికి కావాల్సింది పెళ్లిలో మెడలో వేసుకునే హారం. ఫోన్‌లో ఉన్న బంగారం మెడలోకి రావాలంటే మళ్లీ మజూరీ కట్టాల్సిందే. అలాంటి డిజిటల్ గోల్డ్ తమ నియంత్రణ కిందికి రాదని సెబీ 2025 నవంబరులో జనాన్ని హెచ్చరించింది కూడా. దాని గురించి వేరేగా మాట్లాడుకుందాం.

లావణ్య_కరీంనగర్
వీడియో అడిగాను. "అడ్వాన్స్ వేసిన కస్టమర్లకే వీడియో" అన్నారు.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పండి. పీడీఎఫ్‌లో "టెస్టింగ్ ల్యాబ్" అని పేరు, స్టాంపు, 91.72 శాతం అని ఉన్నాయి. కింద చిన్న అక్షరాలతో "టెస్ట్ చేసిన శాంపిల్‌కు మాత్రమే వర్తిస్తుంది" అని రాసి ఉంది. హారం ఫొటో లేదు.

పాత_కాటా
ఆ చిన్న అక్షరాల్లోనే అంతా ఉంది. ఏ శాంపిల్ తెచ్చి పెడితే దాని శాతం రాసిచ్చారు, అంతే. అది నీ హారానిది అని చెప్పే ముక్క ఆ కాగితంలో లేదు.

కొన్ని షాపుల్లో ఎక్స్‌రే మెషీన్‌లో పెట్టి ఒక్క నిమిషంలో శాతం చూపిస్తారు కదా, ఇలాంటి కాగితాలు ఎక్కువగా దాని నుంచే వస్తాయి. ఆ మెషీన్ పైపొరనే చూస్తుంది. మందంగా పూత వేస్తే లోపల ఏముందో దానికి తెలియదు. నిజంగా తెలియాలంటే కొంచెం ముక్క కోసి, సీసంతో కలిపి పుటం పెట్టి చూడాలి. హాల్‌మార్కింగ్ సెంటర్లలో ముందు ఎక్స్‌రే చూసి, తర్వాత లాట్‌లోంచి కొన్ని తీసి పుటం పెట్టేవాళ్లం.

రాళ్లకు ల్యాబ్ కార్డు ఇస్తే అది కూడా రాళ్ల గురించే. వజ్రానికి కార్డు ఉంది కాబట్టి బంగారం కూడా మంచిదే అనుకునేవాళ్లను కౌంటర్‌లో రోజూ చూసేవాణ్ణి. బంగారానికి చూడాల్సింది నగ మీద ఉన్న మూడు గుర్తులే: త్రిభుజం ఉన్న బీఐఎస్ గుర్తు, 22K916, ఆరక్షరాల నంబరు. వాటికి ఈ పీడీఎఫ్ బదులు కాదు.

బిల్లు విషయానికొస్తే, హాల్‌మార్క్ నగకు బిల్లులో వస్తువు పేరు, బంగారం నెట్ వెయిట్, క్యారెట్‌తో పాటు 916 అన్న అంకె, హాల్‌మార్కింగ్ చార్జీ వేర్వేరుగా రాయాలి. ఆ చార్జీ వస్తువుకు 45 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 46 గ్రాములు అన్నారు కదా, అది రాళ్లతో కలిపి గ్రాస్ అయి ఉంటుంది. నెట్ ఎంతో అడిగావా?

లావణ్య_కరీంనగర్
అడిగితే "46, అంతా గోల్డే" అన్నారు. మా ఊరి ఎస్టిమేట్‌లో మాత్రం గ్రాస్ 46, రాళ్లు ముత్యాలు 6, నెట్ 40 అని ఉంది. అదే డిజైన్ కాబట్టి ఇక్కడ కూడా అంతే ఉండాలి కదా?

మా ఊరిది ఇలా ఉంది: 40 గ్రాములు గ్రాము 12,000 చొప్పున 4,80,000. తరుగు 14 శాతం, 67,200. రాళ్లకు 18,000. మొత్తం 5,65,200. జీఎస్టీ 16,956. అలా 5,82,156.

పాత_కాటా
ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడు. వాళ్లు 46 గ్రాములకూ బంగారం రేటే వేశారు. అంటే 6 గ్రాముల రాళ్లు, ముత్యాలు బంగారం ధరకు అమ్ముతున్నారు. 6 గ్రాములు 11,400 చొప్పున 68,400. మీ ఊళ్లో అవే రాళ్లు 18,000. "మజూరీ లేదు" అన్నది అక్కడికి వెళ్లి దాక్కుంది.

కానీ ఒక మాట నిజాయతీగా చెప్పాలి. 40 గ్రాముల బంగారం మార్కెట్ రేటుకే 4,80,000 అవుతుంది. వాళ్లు అడిగిన 5,24,400లో అది తీసేస్తే 44,400 మిగులుతుంది. తక్కువ మజూరీతో చేసే హోల్‌సేల్ వాళ్లకు అది సరిపోవచ్చు. కాబట్టి ధర తక్కువగా ఉంది కాబట్టి దొంగ అని ఈ లెక్కను చూసి చెప్పలేం. ఉంగరం నంబరు, వీడియో ఇవ్వకపోవడం, నెట్ వెయిట్ చెప్పకపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే మాత్రం నాకు నమ్మకం లేదు.

మాధవి_రాజమండ్రి
లావణ్యా, బైబ్యాక్ గురించి నా అనుభవం చెబుతాను. నాలుగేళ్ల క్రితం ఒక వెబ్‌సైట్‌లో రాళ్ల నెక్లెస్ కొన్నాను. పెద్ద వెబ్‌సైటే, మోసమేమీ కాదు. "లైఫ్‌టైమ్ బైబ్యాక్" అని పెద్ద అక్షరాలతో ఉంటే అదొక్కటే చదివాను. మా ఆయన ఆపరేషన్‌కు డబ్బు అవసరమై పంపుతానన్నాను.

అప్పుడు తెలిసిన సంగతులు ఇవి. నగదు ఇవ్వరు, వోచర్ ఇస్తారు, ఆ వోచర్‌తో అక్కడే మళ్లీ నగ కొనాలి. నగదే కావాలంటే కోత వేరే ఉంటుంది. ఒరిజినల్ బిల్లు, కార్డు రెండూ ఉండాలి. పరీక్షకు వాళ్ల దగ్గరికి పంపాలి, కరిగించాక వచ్చిన బరువుకే లెక్క, వాళ్ల లెక్కే ఫైనల్. రాళ్లకు సున్నా. నేను కట్టిన మజూరీ, జీఎస్టీ కూడా పోయాయి. షరతుల్లో అన్నీ రాసే ఉన్నాయి, నేనే చదవలేదు. చివరికి బ్యాంకులో తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించాం. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

పాత_కాటా
మాధవి గారూ, మీరు చెప్పింది అక్షరాలా ఇలాగే జరుగుతుంది. బైబ్యాక్, ఎక్స్ఛేంజ్ అన్నవి రెండు వేరు మాటలు, షాపులు మాత్రం ఒకే వాక్యంలో కలిపి రాస్తాయి. ఎక్స్ఛేంజ్ అంటే నగకు నగ. బైబ్యాక్ అంటే నగకు డబ్బు.

లావణ్యా, మీ ఊరి ఎస్టిమేట్‌నే తీసుకుని చూద్దాం. "ఆ రోజు రేటు మీద నెట్ వెయిట్‌కు 95 శాతం" అని షరతు ఉందనుకో. కొన్న మర్నాడే అమ్మితే 40 గ్రాములు, 12,000 చొప్పున 4,80,000, అందులో 95 శాతం 4,56,000. కట్టింది 5,82,156. అంటే 1,26,156 పోయినట్టు. ఆ డబ్బు తిరిగి రావాలంటే గ్రాము 15,320 దాకా పెరగాలి, అంటే సుమారు 28 శాతం. మంచి షాపులో మంచి షరతులతో కొన్నా ఇంతే. ఇక "100 శాతం బైబ్యాక్" అన్నవాణ్ణి దేని మీద 100 శాతమో అడగాలి. కట్టిన మొత్తం మీదా, బంగారం విలువ మీదా, కొన్నప్పటి రేటా, అమ్మేనాటి రేటా?

శ్రీధర్_తెనాలి
నాకొక సందేహం. పెళ్లి నగ ఎవరైనా అమ్మడానికి కొంటారా? మా అమ్మ హారం యాభై ఏళ్లుగా ఇంట్లోనే ఉంది. బైబ్యాక్ ఇంత లోతుగా చూడటం అవసరమా?

మాధవి_రాజమండ్రి
నేనూ అమ్మడానికి కొనలేదు శ్రీధర్ గారూ. అవసరం చెప్పి రాదు.

పాత_కాటా
శ్రీధర్ గారి మాటలో కొంత నిజం ఉంది. బంగారం మంచిదైతే, బిల్లు సరిగ్గా ఉంటే వేరే షాపువాళ్లు కూడా కొంటారు, కోత కొంచెం ఎక్కువ వేస్తారు అంతే. బైబ్యాక్ షరతు బాగోలేదని మంచి నగ వదులుకోనక్కర్లేదు. బైబ్యాక్ గొప్పగా ఉందని అనుమానం ఉన్న నగ కొనడం మాత్రం తప్పు. హామీ ఇచ్చినవాడు ఉంటేనే కదా హామీ.

జీవన్_అకౌంట్స్
నేను జీఎస్టీ రిటర్నులు వేసే పనిలో ఉంటాను. అమ్మేవాడు ఎవరో తేల్చే సంగతి నేను చెబుతాను.

వాళ్లిచ్చిన జీఎస్టీ నంబరు 15 అక్షరాలు ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. తర్వాతి పది అక్షరాలు వ్యాపారి పాన్ నంబరు. నంబరులో ఆరో అక్షరం చూడండి అక్కా. అక్కడ C ఉంటే అది కంపెనీ, F ఉంటే భాగస్వామ్య సంస్థ, P ఉంటే ఒక్కరే సొంతంగా నడుపుతున్నట్టు.

gst.gov.in లో లాగిన్ అక్కర్లేకుండానే Search Taxpayer లో ఆ నంబరు కొట్టచ్చు. చట్టపరమైన పేరు, షాపు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అడ్రసు, నంబరు ఇంకా పనిచేస్తోందా రద్దయిందా, అన్నీ వస్తాయి. వచ్చాక దాన్ని వాళ్లిచ్చిన బ్యాంకు ఖాతా పేరుతో కలిపి చూడండి.

లావణ్య_కరీంనగర్
చూశాను తమ్ముడూ. 36తో మొదలైంది. ఆరో అక్షరం C. స్టేటస్ Active. పేరు ప్రైవేట్ లిమిటెడ్. అడ్రసు హైదరాబాద్, వాళ్లు చెప్పిన అడ్రసే.

కానీ ఖాతా ఒక మనిషి పేరు మీద ఉంది. అడిగితే "మా మేనేజర్ ఖాతా, కంపెనీ ఖాతాలో లిమిట్ అయిపోయింది" అన్నారు.

జీవన్_అకౌంట్స్
అక్కా, అయితే డబ్బు వేయొద్దు. కంపెనీ అమ్మిన నగకు డబ్బు కంపెనీ పేరున్న ఖాతాకే వెళ్లాలి. P అని ఉంటే యజమాని సొంత పేరు మీద ఖాతా ఉండచ్చు, అది మామూలే. C ఉన్నప్పుడు మేనేజర్ ఖాతా అన్నది కుదరదు. డబ్బు జమచేసే ఖాతాకు లిమిట్ అయిపోవడం కూడా ఉండదు.

నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేటప్పుడు ఇప్పుడు బ్యాంకు యాప్‌లో ఖాతా నంబరు కొట్టగానే ఆ ఖాతాదారు పేరు చూసుకునే వీలుంది. అక్కడ వచ్చిన పేరే నమ్మండి, వాట్సాప్‌లో రాసింది కాదు.

ఇంకోటి, వాళ్లు మీ పాన్ అడిగారా? 2 లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ తప్పనిసరి.

లావణ్య_కరీంనగర్
అడగలేదు. పైగా నాన్నతో "పాన్ ఇబ్బంది లేకుండా మూడు బిల్లులు చేస్తాం, కొంత నగదు కొరియర్ అబ్బాయికి ఇవ్వండి" అన్నారట. నాన్న నాకు ఇప్పుడే చెప్పారు. ఆయనకు అది సాయం లాగా అనిపించింది.

జీవన్_అకౌంట్స్
నాన్నగారికి ఇది చెప్పండి. ఒక కొనుగోలులో ఒకే మనిషి దగ్గర 2 లక్షలు గానీ అంతకంటే ఎక్కువ గానీ నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. సరిగ్గా వ్యాపారం చేసేవాడు ఆ మాటే ఎత్తడు. ఒక హారాన్ని మూడు బిల్లులుగా రాస్తే రేపు ఏ బిల్లు ఏ నగదో చెప్పలేం. అప్పుడు బైబ్యాక్ కూడా ఉండదు, ఫిర్యాదు చేయడానికి ఆధారమూ ఉండదు.

వెంకట్_వరంగల్
చెల్లీ, నేను ఇక్కడ రాయాలా వద్దా అనుకుంటూ ఉన్నాను. పోయిన శ్రావణంలో మా ఆవిడకు నల్లపూసల గొలుసు కోసం ఇలాగే 60 వేలు అడ్వాన్స్ వేశాను. ఖాతా ఒక మనిషి పేరు మీదే. మూడు రోజులు "ప్యాకింగ్‌లో ఉంది" అన్నారు, తర్వాత బ్లాక్ చేశారు. సిగ్గుతో ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు ఆగాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి చాలా డబ్బు వేరే ఖాతాలకు వెళ్లిపోయింది. 11 వేలు మాత్రం ఒక ఖాతాలో ఆపగలిగారు, అది కూడా ఇంకా చేతికి రాలేదు. పంపిన గంటలోనే చేసి ఉంటే ఎక్కువ ఆగేదని అక్కడివాళ్లు అన్నారు.

రఘు_డాలస్
నేను అమెరికా నుంచి గుంటూరులో అమ్మకు గాజులు కొందామనుకుంటున్నాను, అందుకే ఇది చదువుతున్నాను. డబ్బు నా కార్డుతో కట్టి, సరుకు అమ్మకు చేరితే బిల్లు ఎవరి పేరు మీద తీసుకోవాలి?

జీవన్_అకౌంట్స్
రఘు గారూ, రేపు షాపుకు వెళ్లి మాట్లాడేది అమ్మగారే కాబట్టి ఆమె పేరు మీద తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. బైబ్యాక్ అప్పుడు బిల్లులో పేరున్న వాళ్ల గుర్తింపు కార్డు అడిగే షాపులు ఉన్నాయి. పాన్ ఎవరిది ఇవ్వాలో మాత్రం కొనేముందు షాపునే రాతపూర్వకంగా అడగండి, కట్టేవారు ఒకరు, పేరు ఒకరిది అయినప్పుడు ఒక్కో షాపు ఒక్కోలా చేస్తోంది.

లావణ్య_కరీంనగర్
అప్‌డేట్ రాస్తున్నాను. మా బావ హైదరాబాద్‌లోనే ఉంటాడు. జీఎస్టీ పోర్టల్‌లో వచ్చిన అడ్రసుకు నిన్న సాయంత్రం వెళ్లాడు. షాపు నిజంగా ఉంది, మంచి షాపే. వాళ్లు ఆ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తమది కాదన్నారు. తమ జీఎస్టీ నంబరు, బోర్డు ఫొటో వాడుకుంటూ ఎవరో అమ్ముతున్నారని, ఈ నెలలో ఇలా అడగడానికి వచ్చినవాళ్లలో మేము మూడో వాళ్లమని చెప్పారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారట.

నాన్న రాత్రంతా మాట్లాడలేదు. పొద్దున లేచి, నీకు ఎవరు చెప్పారో వాళ్లకు నా నమస్కారం చెప్పు అన్నారు. పాత_కాటా అన్నయ్యా, జీవన్, వెంకటన్నా, మీ అందరికీ.

వెంకట్_వరంగల్
చాలా సంతోషం చెల్లీ. ఆ పేజీనీ ఆ ఖాతా నంబరునీ cybercrime.gov.in లో నువ్వూ పెట్టు. డబ్బు పోకపోయినా పెట్టచ్చు.

లావణ్య_కరీంనగర్
పెట్టాను అన్నా.

ఇప్పుడు ఇంకో విషయం. హైదరాబాద్‌లో షోరూమ్ ఉన్న వేరే ఆన్‌లైన్ షాపులో దాదాపు ఇలాంటిదే దొరికింది. హారానికి ఒకటి, బుట్టలకు వేరేగా హెచ్‌యూఐడీలు ఉన్నాయి, యాప్‌లో వస్తువుల పేర్లు కలిశాయి. నెట్ వెయిట్ 39.6 అని ముందే రాసి ఉంది. ఖాతా కంపెనీ పేరు మీదే. వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు, అడ్రసు, ఫిర్యాదులు తీసుకునే ఆఫీసరు పేరు ఉన్నాయి. అడ్రసుకు బావ వెళ్లి చూశాడు. బైబ్యాక్ దగ్గర మాత్రం "ఆ రోజు వర్తించే కోతలతో" అని ఉంది, శాతం లేదు. సరుకు చేతికి వచ్చాక ఇంకేం చూడాలి?

పాత_కాటా
ఇది నయం. పార్సిల్ రాగానే సీలు కనిపించేలా పెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయి. పార్సిల్ బరువూ తర్వాత నగ బరువూ కాటా మీద చూపించు. నంబర్లు మళ్లీ యాప్‌లో కొట్టు, భూతద్దం పెట్టి చదివితేనే కనిపిస్తాయి. సున్నాకూ ఇంగ్లీషు O అక్షరానికీ తేడా సరిగ్గా చూసుకో. బిల్లులో 39.6 నెట్ అని ఉండాలి.

ఇంకా అనుమానం ఉంటే దగ్గర్లోని బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్‌కు నువ్వే తీసుకెళ్లచ్చు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయల ఫీజు, పన్ను అదనం. ప్యూరిటీ తక్కువని తేలితే ఆ తక్కువైన బంగారం విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు నీకు రావాలని బీఐఎస్ నిబంధనల్లో ఉంది. ఆ డబ్బు అడగాలంటే బిల్లు ఉండాలి.

మాధవి_రాజమండ్రి
శాతం రాయకపోవడం నాకు నచ్చలేదు లావణ్యా. నా దగ్గర కూడా అలాంటి మాటే ఉండేది.

శ్రీధర్_తెనాలి
మిగతావన్నీ సరిగ్గా ఉంటే నేనైతే కొనేస్తాను. శాతం కోసం మంచి డిజైన్ వదులుకోను.

పాత_కాటా
ఇక్కడ మీ ఇద్దరిలో ఎవరిది తప్పని నేను అనను. అడిగి చూడటంలో మాత్రం నష్టం లేదు. వాట్సాప్‌లో కాదు, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న మెయిల్‌కు రాయి. మూడే ప్రశ్నలు: నగదు ఇస్తారా వోచరా, నెట్ వెయిట్ మీద ఎంత శాతం, కరిగించేటప్పుడు నేను ఎదురుగా ఉండచ్చా. జవాబు ప్రింట్ తీసి బిల్లుతో పాటు బీరువాలో పెట్టు.

లావణ్య_కరీంనగర్
రాశాను అన్నయ్యా. మొదటి రెండిటికి ఇప్పుడే జవాబు వచ్చింది: నగదు ఇస్తారట, బ్యాంకు ఖాతాకే, నెట్ వెయిట్ మీద 94 శాతం. కరిగించేటప్పుడు ఎదురుగా ఉండే సంగతి షోరూమ్ వాళ్లను అడిగి చెబుతామన్నారు. ఆ జవాబు వచ్చేదాకా డబ్బు వేయొద్దని ఈసారి నాన్నే అన్నారు.